జెల్‌లో వెనకబడిన గీత

1986లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ బి-కణాల కేంద్రకాల్లో ఒక ప్రొటీన్‌ను పట్టుకున్నారు. యాంటీబాడీలోని కప్పా గొలుసు జన్యువు దగ్గర, GGGACTTTCC అనే పది అక్షరాల చోట అది డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. దాని పేరు ఎన్‌ఎఫ్-కప్పా-బి. దాని ఆచూకీ చెప్పింది ఫిల్మ్ మీద పడిన ఒక నల్లటి గీత.

ఆ పరీక్ష పేరు ఎలక్ట్రోఫోరెటిక్ మొబిలిటీ షిఫ్ట్ అసే. ల్యాబుల్లో ఎంసా అంటారు. ఆ పది అక్షరాలున్న చిన్న డీఎన్‌ఏ ముక్కకు రేడియోధార్మిక భాస్వరం తగిలిస్తారు. అదే ప్రోబ్. కేంద్రకాల నుంచి తీసిన రసంలో దాన్ని ఇరవై నిమిషాలు ఉంచి, జెల్‌లో పోసి కరెంటు పెడతారు. ఒంటరి ప్రోబ్ గబగబా అడుగుకు చేరుతుంది. ప్రొటీన్ పట్టుకున్న ప్రోబ్ నెత్తిన మూట ఉన్న మనిషిలా నెమ్మదిస్తుంది, దాని గీత పైనే ఉండిపోతుంది.

పైన గీత కనపడగానే సంబరపడకూడదు. కేంద్రకంలో ఏ డీఎన్‌ఏ దొరికినా పట్టుకునే ప్రొటీన్లు బోలెడు. వాటికి ఎరగా పాలీ-డీఐ-డీసీ అనే కృత్రిమ డీఎన్‌ఏ వేస్తారు. తక్కువైతే అడ్డమైన గీతలు వస్తాయి, మరీ ఎక్కువైతే అసలు గీతే పోతుంది.

అసలు తీర్పు పోటీ పరీక్షది. మొదటి వరుసలో ప్రోబ్ ఒక్కటే, రెండోదానిలో దానికి రసం కలుపుతారు. మూడోదానిలో అదే వరుస అక్షరాలున్న, రేడియో గుర్తు లేని డీఎన్‌ఏను ప్రోబ్‌కు వంద రెట్లు ముందుగా వేస్తారు. ప్రొటీన్ దానికే అతుక్కుపోతుంది, గీత మాయమవుతుంది. నాలుగోదానిలోనూ వంద రెట్లే, కానీ ఒక్క అక్షరం మార్చి: GCGACTTTCC. ఇప్పుడు గీత చెక్కుచెదరకుండా ఉంటేనే ప్రొటీన్ ఆ వరుసనే గుర్తుపట్టిందని నమ్మాలి. మూడు, నాలుగు రెండింటిలోనూ గీత పోతే అది ఏ డీఎన్‌ఏనైనా పట్టే ప్రొటీనే. నాలుగో వరుస లేని ఎంసాను నమ్మడం కష్టం.

గీతకు బదులు కిందిదాకా పొగలా సాగితే, జెల్‌లో పోతుండగానే పట్టు విడిపోయిందన్నమాట. చల్లటి గదిలో నడపడం ఒక మందు. జెల్ పైన గుంటలోనే నల్లగా నిలిచిపోతే రసం ఎక్కువై ముద్దకట్టింది. అడుగున ఒంటరి ప్రోబ్ ఆనవాలే లేకపోతే గీతల ముదురు తేడాలను పోల్చడానికి లేదు.

గీత ఎంత ఎత్తున ఉందో చూసి ప్రొటీన్ బరువు చెప్పలేం. ఎవరో తేల్చాలంటే దాని యాంటీబాడీ కలపాలి. గీత ఇంకా పైకి జరిగితే ఆ ప్రొటీన్ అక్కడ ఉన్నట్టే.

అదే ఏడాది సేన్, బాల్టిమోర్ ఇదే పరీక్షతో మరోటి చూశారు. బి-కణాలుగా ఇంకా ఎదగని కణాల్లో ఈ గీత లేదు. వాటికి బ్యాక్టీరియా గోడలోని లైపోపాలీశాకరైడ్ తగిలించగానే కనిపించింది. కొత్త ప్రొటీన్లు తయారుకాకుండా మందు వేసినా వచ్చింది. అంటే ఆ ప్రొటీన్ కణంలో ముందునుంచే ఉంది.