పేరు మారితే మళ్లీ పంపాలా?

ల్యాప్‌టాప్‌లో 4 జీబీల పెళ్లి వీడియో ఉంది. దాని పేరు VID_0412.mp4 నుంచి pelli.mp4కి మార్చారు. ఇంట్లోని మరో కంప్యూటర్‌తో రెండువైపులా సింక్ నడుస్తోంది. అమాయకపు సింక్ ప్రోగ్రామ్‌కు కనిపించేది రెండే: పాత ఫైలు పోయింది, కొత్తది పుట్టింది. దాంతో అక్కడ పాతదాన్ని చెరిపి, మొత్తం వీడియోను మళ్లీ పంపుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల లైన్ మీద అది దాదాపు గంట పని. మారింది పేరొక్కటే!

సింక్‌థింగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ SHA-256 లెక్కతో వేలిముద్ర తీస్తుంది. కొత్త ఫైలు ముద్రలు, అదే విడతలో పోయిన ఫైలు ముద్రలు ఒకటైతే, అవతలి కంప్యూటర్ తన దగ్గరున్న ఫైలుకే పేరు మార్చుకుంటుంది. నెట్ మీద వీడియో కదలదు. ఇందుకోసమే మార్పులను సుమారు 10 సెకన్లకు పట్టుకునే ఈ ప్రోగ్రామ్, చెరిపివేతలను మాత్రం నిమిషం దాకా ఆపి ఉంచుతుంది. ఆ ఆలస్యం లోపం కాదు, కావాలని పెట్టుకున్నదే.

చిక్కు ఇద్దరూ ఒకేసారి చేయిపెట్టినప్పుడు వస్తుంది. అన్నయ్య ఇక్కడ పేరు మార్చాడు. అదే సమయంలో చెల్లెలు అక్కడ పాత పేరుతోనే వీడియోను కత్తిరించింది. లోలోపల పేరుమార్పు ఇప్పటికీ చెరిపివేత, సృష్టి అనే జంటగానే నమోదవుతుంది. చెరిపివేతకూ దిద్దుబాటుకూ పోటీ వస్తే సింక్‌థింగ్‌లో 2025 దాకా దిద్దుబాటుదే గెలుపు; ఇప్పుడు చెరిపివేత కూడా గెలవొచ్చు, అప్పుడు దిద్దిన ఫైలు కాన్‌ఫ్లిక్ట్ కాపీగా మిగులుతుంది. కాబట్టి పాత పేరుతోనో కాన్‌ఫ్లిక్ట్ కాపీగానో కత్తిరించిన వీడియో, కొత్త పేరుతో పూర్తి వీడియో రెండూ మిగులుతాయి. ఏది ఉంచుకోవాలో వాళ్లే తేల్చుకోవాలి.