ఆక్టస్ రియస్, మెన్స్ రియా

ఆక్టస్ రియస్, మెన్స్ రియా అనేవి క్రిమినల్ న్యాయశాస్త్రంలో నేరానికి గల రెండు ప్రధానాంగాలను సూచించే లాటిన్ పదాలు. నిందితుడు చేసిన బాహ్యమైన పనిని ఆక్టస్ రియస్ అని, ఆ పని చేసే సమయంలో అతనికి గల దోషపూరితమైన మనఃస్థితిని మెన్స్ రియా అని అంటారు. తెలుగులో వీటిని వరుసగా నేరకృత్యం, నేరమనస్కత అని చెప్పవచ్చును. మనస్సు దోషయుతం కానిదే కేవలం చేసిన పని వలన మనిషి దోషి కాడు అన్నది ఇంగ్లాండు కామన్ లా నుండి వచ్చిన సూత్రం. సాధారణంగా నేరం రుజువు కావాలంటే ఈ రెండు అంగాలూ ఉండాలి, అవి ఒకదానితో ఒకటి కలిసి కూడా ఉండాలి.

ఈ రెండు పదాలూ 1860 నాటి భారత శిక్షాస్మృతిలో గాని, దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గాని కనిపించవు. ప్రతి నేరానికీ కావలసిన మనఃస్థితిని ఆ నేర నిర్వచనంలోనే "ఉద్దేశపూర్వకంగా", "తెలిసి", "నిజాయితీ లేకుండా", "నిర్లక్ష్యంగా" వంటి మాటలతో చెప్పడం ఈ చట్టాల పద్ధతి.

నేరకృత్యం

నేరకృత్యం అంటే మనిషి తన ఇచ్ఛతో చేసిన పని. మూర్ఛ వచ్చినవాని చేయి తగిలి పక్కవాని కళ్ళజోడు పగిలితే, అది అతని శరీరానికి జరిగినదే కాని అతడు చేసిన పని కాదు. కొన్ని సందర్భాలలో పని చేయకపోవడం కూడా నేరకృత్యమే అవుతుంది. అయితే ఆ పని చేయవలసిన బాధ్యత చట్టరీత్యా ఉండి తీరాలి. చెరువులో మునుగుతున్న పరాయి బిడ్డను చూస్తూ ఊరకున్న బాటసారి నిందార్హుడే గాని, సాధారణంగా చట్టం దృష్టిలో నేరస్థుడు కాడు. కన్నబిడ్డకు అన్నం పెట్టకుండా మాడ్చి చంపిన తల్లి మాత్రం నేరస్థురాలే.

హత్య వంటి నేరాలలో పనితో పాటు ఫలితం కూడా నేరకృత్యంలో భాగం. నిందితుడు చేసిన పని వలననే ఆ ఫలితం కలిగిందని రుజువు కావాలి.

నేరమనస్కత

పెళ్ళి ఇంట భోజనం ముగించుకొని రామయ్య, సోమయ్య అనే ఇద్దరు వెళ్ళిపోతూ చెరొక పరాయి గొడుగు తీసుకున్నారనుకుందాము. రామయ్య అది తన గొడుగే అనుకున్నాడు. సోమయ్యకు అది తనది కాదని తెలుసు, అయినా కాజేయాలని తీసుకున్నాడు. ఇద్దరూ చేసిన పని ఒక్కటే. కాని దొంగతనం చేసినవాడు సోమయ్య ఒక్కడే.

నేరమనస్కతలో స్థాయులు ఉన్నాయి. ఒకడు మేడ మీద నుండి తన శత్రువు తలపై గురి చూసి పెద్ద బండరాయి వేసి చంపితే అది ఉద్దేశం. ఎవరినీ చంపాలని లేకపోయినా, కింద సంత జరుగుతున్నదని, రాయి పడితే ఎవరో ఒకరు చావవచ్చునని తెలిసి కూడా వేస్తే అది ఎరుక. కింద ఎవరైనా ఉన్నారేమో చూడకుండానే వేస్తే అది నిర్లక్ష్యం. మూడు సందర్భాలలోనూ ఒక మనిషి మరణించినా, నేరం, శిక్ష మారుతాయి.

ఉద్దేశాన్ని ప్రేరణతో కలిపి పొరబడరాదు. ఆకలితో ఉన్న పిల్లల కోసం బియ్యం దొంగిలించినవాని ప్రేరణ జాలి పుట్టించవచ్చును, కాని పరుల సొత్తు అక్రమంగా తీసుకోవాలన్న ఉద్దేశం అక్కడ ఉన్నది. ప్రేరణ శిక్ష తగ్గించడానికి తోడ్పడవచ్చునే గాని నేరాన్ని తుడిచివేయదు.

ముసునూరు సూర్యనారాయణమూర్తి కేసు

నేరకృత్యం, నేరమనస్కత ఎలా కలుస్తాయో తెలుసుకోవడానికి 1912లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పిన ఈ కేసు మంచి ఉదాహరణ. నిందితుడు ఒక వ్యక్తి ప్రాణంపై, అతనికి తెలియకుండా, పెద్ద మొత్తాలకు బీమా చేయించాడు. ఆ సొమ్ము పొందేందుకు అతనిని చంపదలచి, తన బావమరిది ఇంటికి పిలిపించి, విషం కలిపిన హల్వా ఇచ్చాడు. ఆ వ్యక్తి కొంత తిని మిగిలినది పారవేశాడు. ఆ ఇంటి బిడ్డ, ఎనిమిది తొమ్మిదేళ్ళ బాలిక, నిందితునికి తెలియకుండా ఆ హల్వా తిని మరణించింది. చంపదలచిన వ్యక్తి జబ్బుపడి కోలుకున్నాడు.

హత్యాయత్నం విషయంలో చిక్కు లేదు. బాలిక మరణం హత్య అవుతుందా అన్నదే ప్రశ్న. విషం ఇవ్వడం అనే కృత్యం ఉంది, మరణం అనే ఫలితం ఉంది, చంపాలన్న ఉద్దేశం కూడా ఉంది. కాని ఆ ఉద్దేశం బాలిక మీద కాదు. ముగ్గురు న్యాయమూర్తులలో సుందర అయ్యర్, బాలిక మరణానికి నిందితుడు కారకుడని చెప్పలేమని అభిప్రాయపడ్డారు. బెన్సన్, అబ్దుర్ రహీం అది హత్యేనని నిర్ణయించారు. శిక్షాస్మృతి 299వ సెక్షను మరణం కలిగించే ఉద్దేశం గురించి చెబుతుందే గాని, ఫలానా వ్యక్తినే చంపాలన్న ఉద్దేశం ఉండాలని చెప్పదు. పైగా ఒకరిని చంపబోయి మరొకరిని చంపినా నేర స్వరూపం మారదని 301వ సెక్షను చెబుతుంది. నేటి న్యాయ సంహితలో ఇది 102వ సెక్షను. హల్వాలో విషమున్నదని బాలికకు తెలియదు, కనుక నిందితుని పనికి, ఆమె మరణానికి గల సంబంధం తెగిపోలేదు.

పళని గౌండన్ కేసు

1919లో అదే హైకోర్టు ఫుల్ బెంచి తీర్పు చెప్పిన ఈ కేసులో ఫలితం భిన్నంగా వచ్చింది. నిందితుడు నాగటి కర్రుతో భార్య తలపై కొట్టగా ఆమె స్పృహ తప్పింది. ఆ దెబ్బతో చంపాలన్న ఉద్దేశం అతనికి ఉన్నట్లు రుజువు కాలేదు. ఆమె చనిపోయినదని నమ్మి, ఆత్మహత్యగా చూపేందుకు దూలానికి ఉరి తగిలించాడు. నిజానికి ఆమె ఆ ఉరి వలననే మరణించింది.

ఈ కథను రెండు పనులుగా విడదీసి చూడాలి. కొట్టినప్పుడు దుర్బుద్ధి ఉంది గాని ఆ దెబ్బ మరణం కలిగించలేదు. ఉరి వేసిన పని మరణం కలిగించింది గాని, శవమనుకున్న దానిని చంపాలన్న ఉద్దేశం ఎవరికీ ఉండదు. మనిషి ఉద్దేశాన్ని అతడు నమ్మిన పరిస్థితులను బట్టి చూడాలని కోర్టు చెప్పింది. అందువలన ఇది హత్య గాని, నేరపూరిత నరహత్య గాని కాదని నిర్ణయించింది. మొదటి దాడికి, తప్పుడు సాక్ష్యం సృష్టించబూనినందుకు మాత్రమే అతడు బాధ్యుడయ్యాడు.

హల్వా కేసులో చంపాలన్న ఉద్దేశం, మరణం కలిగించిన పని ఒకే క్షణంలో కలిశాయి. తప్పినది గురి మాత్రమే. పళని గౌండన్ కేసులో ఆ రెండూ కలవనే లేదు. అయితే తొలి దెబ్బే చంపాలని కొట్టినదైతే ఈ తీర్పు నిందితుని కాపాడదు. 1943లో తవమణి కేసులో మద్రాసు హైకోర్టు, చంపే ఉద్దేశంతో కొట్టి, చనిపోయినదనుకొని బావిలో పడవేసిన ఘటనను ఒకే వరుసగా పరిగణించి హత్యగా నిర్ణయించింది.

మినహాయింపులు

కొన్ని చట్టాలు నేరమనస్కత లేకున్నా శిక్షిస్తాయి. స్విట్జర్లాండు నుండి మనీలా వెళుతూ బొంబాయిలో ఆగిన విమానంలో ఒక జర్మను దేశస్థుడు 34 కిలోల బంగారం తీసుకుని వెళుతూ పట్టుబడ్డాడు. దానిని విమాన పత్రాలలో చూపాలన్న కొత్త నిబంధన తనకు తెలియదన్నాడు. మహారాష్ట్ర ప్రభుత్వం వర్సెస్ ఎం.హెచ్.జార్జ్ అనే ఈ కేసులో, విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం లక్ష్యం దృష్ట్యా నేరమనస్కత అవసరం లేదని 1964లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. తెలుగువారైన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఇందుకు విభేదించారు. చట్టం స్పష్టంగా గాని, తప్పనిసరి సూచన ద్వారా గాని తొలగించనంత వరకు ప్రతి నేరంలోనూ నేరమనస్కత ఉండాలని భావించాలన్నది ఆయన అభిప్రాయం.