కారు వెంట తెచ్చుకోవాలా, అమ్మి రావాలా?

అమెరికా నుంచో, దుబాయ్ నుంచో ఇంటికి తిరిగొచ్చే మనవాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు ముందే ఉంది. అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు. అలాంటి పాత కారును మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. ఆలోచించాల్సింది బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్‌ల నుంచి వచ్చేవాళ్లే.

వాళ్లకూ షరతులున్నాయి. కారు తయారై మూడేళ్లు దాటకూడదు. ముంబయి రేవులోనే దించాలి, కాబట్టి విశాఖ, చెన్నై దగ్గరని లెక్కేసుకోవద్దు. తిరిగొచ్చేవాళ్ల ఇంటి సామానుకు కస్టమ్స్‌లో దొరికే రాయితీ కారుకు వర్తించదు.

అసలు దెబ్బ సుంకం దగ్గరే. పాత కారుకు మీరిచ్చిన ధర కాదు, కొత్తగా ఉన్నప్పటి ధరే లెక్కకు మొదలు. దాన్నుంచి తరుగుదల మొదటి ఏడాదికి 16 శాతం, రెండో ఏడాదికి 12 శాతం తీసేస్తారు. లండన్‌లో 30,000 పౌండ్ల కారు రెండేళ్ల తర్వాత 21,600 అవుతుంది. ఓడ కిరాయి, బీమా కింద 1,400 వేసుకుంటే 23,000. దీనిమీద కస్టమ్స్ సుంకమే 100 శాతం దాటుతుంది. అంటే 46,000 పౌండ్లకు పైమాటే. ఈ మొత్తం మీద మళ్లీ జీఎస్టీ కట్టాలి. ఆపైన రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ ఎలాగూ తప్పవు. ఆ మోడల్ ఇక్కడ అమ్మకపోతే విడిభాగాల కోసం నెలలు ఎదురుచూడాలి.

నా మాట అమ్మేయమనే. బయల్దేరడానికి రెండు నెలల ముందే అమ్మకానికి పెట్టండి. అప్పుంటే తీర్చి, యాజమాన్యం మారినట్టు కాగితం చేతికి తీసుకున్నాకే విమానం ఎక్కండి.