చూపు తెగిన క్షణం

ఒక వీడియోను మొదలుపెట్టిన నూరుమందిలో ఏ క్షణానికి ఎందరు మిగిలి ఉన్నారో చూపే గీతను నిలుపుదల రేఖ అంటారు. అడ్డంగా కాలం, నిలువుగా మిగిలినవారి శాతం ఉండే ఈ రేఖ యూట్యూబ్‌లో ప్రతి వీడియోకూ దాన్ని పెట్టినవారికి కనిపిస్తుంది. కర్నూలు, కడప జిల్లాల్లో సేద్యం మీద వీడియోలు తీసేవారికి తమ శ్రమను రైతులు ఎంతవరకు చూశారో తెలుసుకోవడానికి చేతికందే ఆధారం ఇదే. అయితే ఈ రేఖ జనం ఎప్పుడు పోయారో, ఎంతమంది పోయారో చెబుతుంది గానీ, ఎందుకు పోయారో చెప్పదు. ఆ కారణం కోసం నలుగురైదుగురు ప్రేక్షకులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, చూస్తున్నంతసేపూ మనసులో మెదిలేదాన్ని మెదిలినట్టే పైకి చెప్పమనే పద్ధతిని ఇంగ్లీషులో థింక్ అలౌడ్ అంటారు, తెలుగులో దాన్ని పైకి ఆలోచించడం అనవచ్చు. ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా విడిగా తప్పుదారి పట్టిస్తుంది, రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివినప్పుడే కారణం పట్టుబడుతుంది.

గీతనూ మాటనూ జతచేయడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఫ్రాంక్ స్టాంటన్ 1930ల చివర్లో తయారుచేసిన యంత్రంలో రేడియో శ్రోత నచ్చినప్పుడు పచ్చ మీట, నచ్చనప్పుడు ఎర్ర మీట నొక్కేవాడు. ఆ నొక్కులు కదిలే కాగితం మీద గీతలుగా పడేవి, కార్యక్రమం ముగిశాక ఆ గీతలను ముందు పెట్టుకుని, ఫలానా చోట మీట ఎందుకు నొక్కారని శ్రోతలను అడిగేవారు. రాయలసీమకు దగ్గరి ఉదాహరణ సైట్ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు ఎంచుకున్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఊరి నడుమ పెట్టిన ఒక్క టీవీ చుట్టూ ఎంతమంది చేరారన్న లెక్క ఒకవైపు, గ్రామాల్లోనే మకాం వేసిన మానవశాస్త్ర పరిశోధకులు విన్న మాటలు మరోవైపు సాగాయి. ఇప్పుడు తలలు లెక్కించే పని యంత్రం చేస్తోంది, అదీ సెకనుసెకనుకూ. ఊళ్లో కూర్చుని మాట వినే పని మాత్రం చాలాచోట్ల నిలిచిపోయింది.

పద్ధతి ఎట్లా నడుస్తుందో చూడడానికి వేరుశనగ విత్తనశుద్ధి మీద ఏడు నిమిషాల వీడియో ఒకటి ఉందనుకుందాం. రేఖలోని అంకెలన్నీ వివరణ కోసం ఊహించినవే. మొదటి 30 సెకన్లకు నూరుమందిలో 60 మంది మిగిలారు. రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర రేఖ మెట్టు దిగినట్టు ఒక్కసారిగా 52 నుంచి 41కి పడింది. మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గర పైకి లేచి చిన్న గుట్ట కట్టింది. ఐదు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర మరో మెట్టు ఉంది, మిగతా అంతటా వాలు సమంగానే సాగింది.

ఈ ఆకారాలను ముందుగా వేరుచేసుకోవాలి. ఫోను మోగడం, సిగ్నల్ పోవడం, రోజు డేటా అయిపోవడం, పొలం నుంచి పిలుపు రావడం వంటివి ఒక్కొక్కరికి ఒక్కో క్షణంలో జరుగుతాయి గనుక అవన్నీ కలిసి రేఖలో సమమైన వాలుగానే కనిపిస్తాయి. ఒకరినొకరు ఎరగని చాలామంది ఒకే సెకను దగ్గర వీడియోను వదిలితే, అక్కడ కారణం వీడియోలోనే ఉన్నట్టు. అందుచేత వాలు గురించి ప్రేక్షకులను అడిగి ప్రయోజనం తక్కువ, అడగవలసింది మెట్ల గురించి, గుట్టల గురించి. వీడియోను చూసినవారు అరవైమందే అయితే ఒక్కరి నిష్క్రమణే రేఖను ఒకటిన్నర శాతానికి పైగా దించుతుంది, కాబట్టి అలాంటి చిన్న గండ్లను కారణాలుగా భ్రమించకూడదు. వెతుక్కుంటూ వచ్చినవారినీ, మరో వీడియో పక్కన కనబడితే వచ్చినవారినీ విడదీసి చూడడం కూడా అవసరం, ఎందుకంటే మొదటి అరనిమిషంలో పడే దెబ్బ చాలాసార్లు రెండో వర్గానిదే అయి ఉంటుంది.

మెట్లను గుర్తుపెట్టుకున్నాక ప్రేక్షకుల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు వీడియో తీసినవారి బంధువులో స్నేహితులో కాకూడదు, పత్తికొండ ప్రాంతపు ఎర్రనేలల్లో శెనక్కాయ వేసే రైతుల వంటివారై ఉండాలి. వారి సొంత ఫోనులో, మామూలుగా చూసే అరుగు మీదో చెట్టుకిందో, మామూలుగా పెట్టుకునే శబ్దంతోనే చూడనివ్వాలి. అసలు వీడియోకు ముందు సంబంధం లేని ఒక చిన్న తునక చూపించి పైకి మాట్లాడడం అలవాటు చేయించాలి. వారికి చెప్పవలసింది ఒక్కటే: "మనసులో ఏమనిపిస్తే అది అనిపించినట్టే చెప్తా పోండన్నా, విసుగొస్తే ఆపేయండి." ఇరవై సెకన్లు మౌనంగా ఉంటే "చెప్తా ఉండండన్నా" అనాలి తప్ప, "ఎందుకట్లా అనిపించింది?" అని నడుమ అడగకూడదు. 1980లో ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ రాసిన వ్యాసం ఈ తేడానే తేల్చింది. మనసులో అప్పటికే ఉన్నదాన్ని పైకి పలికించడం ఆలోచన దారిని పెద్దగా మార్చదు. కారణం చెప్పమని అడిగితే మాత్రం మనిషి అప్పటికప్పుడు ఒక కారణాన్ని అల్లుకుంటాడు, ఆ మీదట చూసే చూపు కూడా మారిపోతుంది.

వీడియో విషయంలో మరో చిక్కుంది. వినే ధ్యాస ఒకటే గనుక, తాను మాట్లాడుతున్నంతసేపు ప్రేక్షకుడికి వీడియోలోని మాట సరిగా వినబడదు, ఆపి మాట్లాడితే చూసే ఊపు తెగుతుంది. దీనికి విరుగుడుగా రెండు విడతలు పెట్టుకోవడం మేలు. మొదటిసారి ఒకటి అరా మాటలు చాలు, చూసేవారి ముఖాన్నీ బొటనవేలినీ గమనిస్తూ కాలం రాసుకోవాలి. రెండోసారి అదే వీడియోను వేసి, వారు కదిలిన చోటల్లా ఆపి, అప్పుడేమనిపించిందో చెప్పించాలి. ముందుగా రేఖను చూపించకూడదు, ఏ క్షణం దగ్గర జనం పోయారో చెప్పనూ కూడదు, చెబితే వాళ్లు ఆ చోటనే తప్పు వెతుకుతారు.

ఊహించుకున్న వీడియోకు ఇలాంటి అయిదుగురి మాటలు చేరాయనుకుంటే, రెండు నిమిషాల పది సెకన్ల మెట్టుకు కారణం తేలికగానే బయటపడుతుంది. అక్కడ విత్తనశుద్ధి మందుల పట్టిక తెరమీద కదలకుండా నిలబడి ఉంది. ఎండలో ఫోను పట్టుకున్న రైతు దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుని, "అక్షరాలు కనపడల్యా, ఏందో చదువుతాండాడు" అని గొణుక్కుంటాడు. గదిలో పెద్ద కంప్యూటరు తెర మీద వీడియోను కూర్చినవారికి ఈ ఇబ్బంది ఎప్పటికీ తోచదు.

మూడు నిమిషాల నలభై సెకన్ల గుట్ట మరింత జాగ్రత్తగా చదవవలసినది. రేఖ పైకి లేచిందంటే ఆ ముక్కను జనం వెనక్కి జరిపి మళ్లీ చూశారని అర్థం. అది బాగా నచ్చి చూసినదని తీసినవారు సంబరపడడం సహజం. ఆ చోట చెప్పింది కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించమని. అరుగు మీది రైతు అక్కడ ఆపి, వేళ్ల మీద లెక్క వేసి, వెనక్కి జరిపి, మళ్లీ ఆపుతాడు. ఎకరాకు 60 కిలోల గింజలు వేస్తే కావలసింది 180 గ్రాములని వీడియో ఎక్కడా చెప్పలేదు, ఇంట్లో గ్రాముల త్రాసు లేనివాడు ఎట్లా కొలవాలో కూడా చెప్పలేదు. ఆపి లెక్క వేసుకున్న కాలం రేఖలో నమోదు కాదు, వెనక్కి జరపడమే నమోదవుతుంది. రేఖ మీద ఇష్టంగా కనిపించింది నిజానికి అవస్థ అని మనిషి పక్కన కూర్చుంటే తప్ప తెలియదు.

ఐదు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర వీడియోలోని వ్యక్తి మందు కలిపిన గింజలను రెండు అరచేతుల నడుమ గట్టిగా రుద్దుతాడు. వేరుశనగ గింజ మీది ఎర్రపొర పలుచనిది, అది లేస్తే మొలక శాతం పడిపోతుంది, గింజలకు మెల్లగా దొర్లిస్తూ మందు పట్టించాలి. ఇది ఏ శెనక్కాయ రైతుకైనా చేతికి తెలిసిన సంగతి. "ఈయప్ప ఎప్పుడూ ఇత్తనం పట్టినోడు కాదు" అన్న ఒక్క మాటతో బొటనవేలు తెర మీది నుంచి పైకి జరుగుతుంది. వేగమో సంగీతమో మార్చినందువల్ల ఈ మెట్టు పూడదు. ఇక్కడ తెగింది నమ్మకం, నిజంగా విత్తనం పట్టిన చేతులను చూపించడమే దీనికి మందు.

అదే అయిదుగురిలో నలుగురు వెనక వచ్చే సంగీతం గట్టిగా ఉందని అన్నారనుకుందాం. ఆ సంగీతం ఉన్న చోట రేఖ సమంగానే సాగితే, ఆ ఫిర్యాదు నిజమే అయినా జనం పోవడానికి అది కారణం కాదని తీసుకోవాలి. మాట ఇచ్చేది అనుమానాన్నే, ఆ అనుమానానికి ఎంత బరువుందో రేఖ తూచి చెబుతుంది. దిద్దిన తరువాత కూడా ఈ తూకం తప్పదు. ఒకే వీడియోలో మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు గనుక, తరువాతి వీడియోలో పట్టికను తీసేసి ఒక్కో మందు పొట్లాన్నీ చేతిలో పట్టి చూపించి, మందు పేరు వచ్చే చోట మెట్టు మాయమైందా లేదా చూడాలి. మాయం కాకపోతే అనుమానం తప్పన్నమాట, మళ్లీ అరుగు దగ్గరికే వెళ్లాలి.

అయిదుగురు చాలా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. 1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ కంప్యూటరు తెరల వాడకం మీద వేసిన లెక్కలో, ఒక్కో వ్యక్తి సగటున 31 శాతం లోపాలను బయటపెడితే అయిదుగురు కలిసి దాదాపు 85 శాతం బయటపెడతారని తేలింది. ఆ లెక్క ఒకే తీరు మనుషులకు, ఒకే తీరు పనికి వర్తిస్తుంది. పత్తికొండ ఎర్రనేలలో శెనక్కాయ వేసేవారూ, జమ్మలమడుగు నల్లరేగడిలో పదును చూసుకుని శనగ విత్తేవారూ ఒకే గుంపు కారు, వారికి వేర్వేరుగా అయిదుగురు కావాలి. చీనీ తోటల మీద వీడియో తీసి అందులో బత్తాయి అని పలికితే కడప రైతుకు ఎట్లా వినిపిస్తుందో కోస్తాలో కూర్చోబెట్టిన అయిదుగురు చెప్పలేరు.

ఈ పద్ధతికి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మర్యాద. ఊరికి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఎంత విసుగొచ్చినా వీడియోను సగంలో ఆపే రైతు అరుదు. "బాగుందన్నా" అన్న మాటను అందుకే లెక్కలోకి తీసుకోకూడదు. చూపు తెర మీది నుంచి దారి మీదికి మళ్లడం, ఇంకెంత ఉందోనని కింది కాలపు గీతను తాకి చూడడం, బీడీ కోసం చెయ్యి జేబులోకి పోవడం అక్కడ నిష్క్రమణకు గుర్తులు, వాటి పక్కన కాలం రాసుకోవాలి. రేఖకూ ఒక గుడ్డితనం ఉంది. పల్లెల్లో ఒక ఫోను చుట్టూ ఇద్దరు ముగ్గురు చేరి చూస్తారు, యంత్రం దాన్ని ఒక్క ప్రేక్షకుడిగానే లెక్కిస్తుంది. శెనక్కాయలు ఒలిచి, గింజ ఏరి, విత్తనం సిద్ధం చేసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. భర్త చేతిలోని ఫోనును భుజం మీదుగా చూస్తున్న ఆమె, మందుల పేర్లు మొదలైన రెండో నిమిషంలోనే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయినా, రేఖ మాత్రం చివరిదాకా చెదరకుండా ఉంటుంది.