కొండపొలం: కరువు మెల్లగా వస్తుంది.. మరి నవల మనల్ని ఎందుకు కంగారు పెడుతుంది?

కరువు బ్రేకింగ్ న్యూస్ కాదు. వరద వస్తే విజువల్స్ ఉంటాయి, తుఫాను వస్తే లైవ్ ఉంటుంది. కరువుకు అలాంటివేమీ ఉండవు. ఒక వాన తప్పుతుంది, ఇంకో వాన తప్పుతుంది, బోరు ఇంకాస్త లోతుకు పోతుంది. ఇంత నెమ్మదిగా జరిగేదాన్ని చదువుతుంటే గుండె దడదడలాడాలంటే రచయిత ఏం చేయాలి? దీనికి తెలుగులో మంచి ఉదాహరణ సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం'. 2019 తానా నవలల పోటీలో బహుమతి గెలిచిన నవల ఇది. 2021 అక్టోబర్ 8న ఇదే పేరుతో క్రిష్ డైరెక్షన్‌లో, వైష్ణవ్ తేజ్ హీరోగా సినిమా కూడా వచ్చింది. సినిమా చూసినవాళ్లు చాలామందే ఉంటారు. కానీ నవల చేసే పని వేరు. అదేంటో చూద్దాం.

ఇంతకీ కొండపొలం అంటే ఏంటి?

రాయలసీమ పల్లెల్లో కరువు ముదిరి ఊళ్లో మేత, నీళ్లు అయిపోతే కాపరులు మందలను తోలుకుని నల్లమల అడవిలోకి పోతారు. వారాల తరబడి అక్కడే ఉంటారు. కొండమీద తిండి, కొండమీదే నిద్ర. దీన్నే కొండపొలం పోవడం అంటారు. నవలలో రవి అనే చదువుకున్న కుర్రాడు ఉద్యోగం దొరక్క ఇంటికి వస్తాడు. తండ్రితో, మిగతా కాపరులతో కలిసి గొర్రెల వెంట అడవికి బయలుదేరతాడు. అక్కడ పులి ఉంది, కలప దొంగలు ఉన్నారు. వీటన్నిటికంటే ముందు దాహం ఉంది.

ఏడాది లెక్క కాదు.. ఇవాళ్టి లెక్క

అసలు కిటుకు ఇక్కడే ఉంది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం వాన మామూలు కంటే 26 శాతం లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే అది కరువు. ఈ మాట వింటే మనకేమీ అనిపించదు. ఎందుకంటే ఆ శాతం సీజన్ మొత్తానికి సంబంధించినది. మనం బతికేది మాత్రం రోజుల్లో.

గొర్రె అలా కాదు. దానికి సీజన్ తెలియదు, ఈ పూట మాత్రమే తెలుసు. చిన్న లెక్క వేసి చూడండి. ఇది నవలలోది కాదు, మనం వేసుకునే లెక్కే. మండు వేసవిలో పెద్ద గొర్రె రోజుకు సుమారు 5 లీటర్లు తాగుతుందనుకుందాం. మందలో 200 గొర్రెలుంటే 1,000 లీటర్లు. అంటే 20 లీటర్ల వాటర్ క్యాన్లు 50. ఇది ఒక్క రోజుకే. రేపు మళ్లీ 50 కావాలి. అడవిలో కుంట ఎండిపోయి ఉంటే, ఇంకో కుంట దాకా మందను నడిపించాలి. ఆ నడకలో చూడి గొర్రె, చిన్న పిల్ల వెనకబడతాయి. వెనకబడినదాన్ని ఎవరు తీసుకుపోతారో వేరే చెప్పక్కర్లేదు.

చూశారా, 26 శాతం కాస్తా సాయంత్రంలోపు తేలాల్సిన సంగతి అయిపోయింది. నెమ్మదైన మార్పును నవల వేగంగా జరిపించి చూపదు. ఆ మార్పు వల్ల ఆగలేని ఒక ప్రాణిని మన ముందు నిలబెడుతుంది. గడియారం కరువుది కాదు, గొర్రెది.

కథ రవి వెంటే ఎందుకు?

పెద్ద కాపరులకు అడవి కొట్టిన పిండి. ఏ చెట్టు ఆకు మేపొచ్చు, ఏ చోట నీళ్లుంటాయి, ఏ చప్పుడుకు భయపడాలి అన్నీ తెలుసు. తెలిసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకోరు. రవికి ఏమీ తెలియదు కాబట్టి వాళ్లు చెప్పాల్సి వస్తుంది, మనకూ తెలుస్తుంది.

నెమ్మదైన మార్పును చూపాలంటే ఇద్దరు కావాలి. ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తున్న పెద్దమనిషి ఒకరు, ఇప్పుడే చూస్తున్న కొత్తవాడు ఒకరు. ఒక్కరే ఉంటే మార్పు కనిపించదు. కొత్తవాడికి ఎండిన కుంట మామూలు గుంటే. అందులో నీళ్లు చూసినవాడు పక్కనుంటేనే అది పోయిన నీళ్ల గుర్తు అవుతుంది.

పులి వచ్చాక కరువు ఏమైంది?

ఇలాంటి నవలలకు ఒక గండం ఉంది. పులి ఎదురైతే పేజీలు వాటంతటవే తిరుగుతాయి. అప్పుడు పాఠకుడు కరువును మరిచిపోయి వేట కథ చదువుతున్నట్టు చదివేస్తాడు. పరీక్ష సింపుల్. పులి సీన్ అయిపోయాక వచ్చే నాలుగైదు పేజీలు చూడండి. కథ మళ్లీ నీళ్ల దగ్గరికి, మేత దగ్గరికి వస్తే పులి కరువులో భాగమే. ఊళ్లో గడ్డి ఉంటే ఈ మంద ఇక్కడికి వచ్చేదే కాదు కదా! అలా రాకపోతే పులి ఉత్త థ్రిల్ కోసమే.

సినిమాకు ఈ గండం ఇంకా ఎక్కువ. రకుల్ ప్రీత్ సింగ్ చేసిన ఓబులమ్మ పాత్ర నవలలో లేదు, సినిమా కోసం చేర్చారు. ప్రేమకథ చేరాక రెండు గంటల్లో ఎండిన కుంటలకు చోటు తగ్గుతుంది. నవలకు ఆ తొందర లేదు. నడక, అలసట, మళ్లీ నడక అని రాసుకుంటూ పోవచ్చు. ఈ రిపీట్ కొందరికి బోర్ అనిపించొచ్చు. కానీ కరువు అంటే ఆ రిపీటే.

ఇంకో దారి: కొల్లేటి జాడలు

అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు' దీనికి ఎదురు దారిలో పోతుంది. రచయిత తన చిన్ననాటి కొల్లేటి ఊళ్ల జ్ఞాపకాల నుంచి రాసిన పుస్తకం అది. అక్కడ ఇవాళ్టి దాహం కంటే పోగొట్టుకున్నదాని బెంగ ఎక్కువ. ముందు సరస్సు బతుకును మన కళ్ల ముందు నింపి, తర్వాత అది లేదంటుంది. కొండపొలం చదివితే కంగారు పుడుతుంది, కొల్లేటి జాడలు చదివితే దిగులు పుడుతుంది. రెండూ పనిచేస్తాయి. కానీ దిగులు అయిపోయినదాని గురించి. కంగారు ఇంకా చేతిలో ఉన్నదాని గురించి.

ఆత్మకూర్‌లో కూర్చుని చదివితే..

వనపర్తి జిల్లా ఆత్మకూర్ జూరాల ప్రాజెక్టు పక్కనే ఉంది. ఇక్కడి కృష్ణమ్మే కిందికి పోయి శ్రీశైలం దగ్గర నల్లమలను చీల్చుకుంటూ వెళ్తుంది. నవలలోని నల్లమలకు ఉత్తరపు కొసే మన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. గొర్ల మందలు ఎండాకాలం మేత కోసం ఊరు దాటడం పాలమూరు గొల్లకురుమలకు కొత్త కాదు. కాబట్టి ఇది కడప వాళ్ల కథ అని పక్కన పెట్టలేం.

ఇంకో సంగతి. అమ్రాబాద్‌లో ఎండాకాలం జంతువుల కోసం అటవీ శాఖ సాసర్ పిట్స్ కట్టించి ట్యాంకర్లతో నీళ్లు నింపుతుంది. కరువుకు తట్టుకోలేక జనం అడవికి పోతే, ఆ అడవికే నీళ్లు బయటి నుంచి మోయాల్సిన పరిస్థితి. ఇది తెలిసి కొండపొలం చదివితే ఎండిన కుంట సీన్ ఇంకోలా తగులుతుంది.

అలాగే ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. ఈ నవల మనల్ని కాపరి పక్కన నిలబెడుతుంది. మరి వేల గొర్రెలు వారాల తరబడి మేస్తే అడవికి ఏమవుతుంది? టైగర్ రిజర్వ్ కోర్ ఏరియాలో మేపుకు అనుమతి లేనిది అందుకే. కాపరికి ఇవాళ గడవాలి, అడవికి పదేళ్లు గడవాలి. ఈ రెండు గడియారాలూ ఒకే చోట కొట్టుకోవడమే కొండపొలంలో అసలు గొడవ. పులి కోసం పుస్తకం తెరిచినా ఫర్వాలేదు. మూసేటప్పుడు మాత్రం ఆ రోజు మందకు నీళ్లు దొరికాయా లేదా అన్నది గుర్తుందో లేదో చూసుకోండి.