ఎండీ గారి బోనస్.. మినిట్స్‌లో ఏం రాయాలి?

ఏటా జులై, ఆగస్టుల్లో కంపెనీల వార్షిక నివేదికలు బయటకు రాగానే పత్రికల్లో ఓ వార్త తప్పకుండా వస్తుంది. ఫలానా కంపెనీ ఎండీకి ఈ ఏడాది ఇన్ని కోట్లు ముట్టాయి, అది అక్కడి మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఇన్ని రెట్లు అని. ఉద్యోగులందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యన ఉండే మనిషి జీతాన్నే ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారు. ఈ నిష్పత్తిని బయటపెట్టడం 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి.

అంకె అందరికీ తెలుస్తుంది కానీ, ఆ అంకె ఎలా తేలిందో రాసి ఉండే పుస్తకం మాత్రం వాటాదారుల కంటపడదు. అది నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ మినిట్స్ పుస్తకం. పుటల నంబర్లు వేసి, ఛైర్మన్ సంతకంతో ఏళ్ల తరబడి భద్రపరిచే ఈ పుస్తకంలో రాసిన రెండు పేరాల మీదే కోట్ల రూపాయల చెల్లింపు నిలబడుతుంది, లేదా చిక్కుల్లో పడుతుంది.

గదిలో ఎవరుంటారు?

ఈ కమిటీలో కనీసం ముగ్గురు డైరెక్టర్లుండాలి. కంపెనీ ఛైర్మన్‌ను మినహాయిస్తే, కంపెనీలో జీతానికి పనిచేసే డైరెక్టర్ ఒక్కరు కూడా ఉండకూడదు. సెబీ నిబంధనల ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో మూడింట రెండొంతుల మంది స్వతంత్ర డైరెక్టర్లే కావాలి, కమిటీకి ఛైర్మన్ కూడా వారిలో ఒకరే కావాలి. కాబట్టి కంపెనీకి ఛైర్మన్ కూడా అయితే తప్ప ఎండీ ఈ కమిటీలో సభ్యుడు కాలేడు. మిగతా అధికారుల పనితీరు గురించి చెప్పడానికి ఆహ్వానితుడిగా వస్తాడు, తన వంతు వచ్చేసరికి బయటకు వెళ్లిపోతాడు.

మినిట్స్‌లో మొదట తేలాల్సింది ఇదే. ‘ఎండీ సమావేశానికి హాజరయ్యారు’ అని పైన రాసి వదిలేస్తే, తన బోనస్ మీద చర్చ జరుగుతున్నప్పుడు కూడా ఆయన కూర్చునే ఉన్నాడని చదివేవారు అనుకుంటారు. ‘నాలుగో అంశం చేపట్టే ముందు ఎండీ సమావేశం నుంచి వెళ్లిపోయారు, ఆ అంశం ముగిశాక తిరిగి వచ్చారు’ అని ఒక వాక్యం రాస్తే ఆ అనుమానానికి తావుండదు. హెచ్‌ఆర్ అధిపతికీ ఇదే వర్తిస్తుంది. సెబీ నిబంధనల్లో సీనియర్ మేనేజ్‌మెంట్ అంటే కంపెనీ సెక్రటరీ కూడా అందులోకి వస్తారు గనుక, ఆ సెక్రటరీ జీతం చర్చకు వచ్చినప్పుడు ఆయనా లేవాలి. ఆ కాసేపూ మినిట్స్ రాసుకునే బాధ్యతను ఛైర్మన్ మరొకరికి అప్పగించి, ఆ సంగతి కూడా నమోదు చేయించాలి.

కొలబద్ద ముందా, బోనస్ ముందా?

హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఉందనుకుందాం. ప్రమోటర్ కుటుంబానికి చెందిన వ్యక్తే ఎండీ. ఆయన స్థిర వేతనం ఏడాదికి రూ.3.60 కోట్లు. పనితీరును బట్టి ఇచ్చే బోనస్ గరిష్ఠంగా రూ.2.40 కోట్లు. ఈ రెండింటికీ వాటాదారులు ఏజీఎంలో ముందే ఆమోదం తెలిపారు. ఆర్థిక సంవత్సరం ముగిసింది, బోనస్ ఎంతో తేల్చాలి. చాలా కంపెనీల్లో మినిట్స్ ఇలా ఉంటాయి: ‘ఎండీ పనితీరు అద్భుతంగా ఉన్నందున తగిన బోనస్ ఇవ్వాలని కమిటీ అభిప్రాయపడింది.’

ఈ వాక్యంలో తప్పుడు సమాచారమేమీ లేదు. అసలు సమాచారమే లేదు. ‘అద్భుతం’ అని దేన్ని బట్టి అన్నారు? ‘తగిన’ అంటే ఎంత? రూ.2.40 కోట్లు ఇచ్చినా, రూ.40 లక్షలు ఇచ్చినా ఇదే వాక్యం సరిపోతుంది.

పద్ధతిగా నడిచే కమిటీ ఏడాది మొదట్లోనే, అంటే ఏప్రిల్‌లోనో మేలోనో, కొలబద్దలు ఖరారు చేసి మినిట్స్‌లో రాసుకుంటుంది. మన ఉదాహరణలో అవి మూడు. నిర్వహణ లాభం రూ.400 కోట్లు చేరితే 50 మార్కులు. ప్లాంట్ల మీద అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీల్లో తీవ్రమైన అభ్యంతరాలు రాకుంటే 30. నాలుగు ప్లాంట్ల అధిపతులకూ వారసులను గుర్తించి తయారుచేస్తే 20.

ఏడాది తిరిగింది. లాభం రూ.420 కోట్లు వచ్చింది గనుక మొదటి దాంట్లో 50కి 50. ఒక ప్లాంట్‌లో తనిఖీ అధికారులు తీవ్రమైన అభ్యంతరాలు రాశారు, దిద్దుబాటు పని సగంలో ఉంది. కమిటీ అక్కడ 15 మార్కులే వేసింది. నాలుగింట మూడు ప్లాంట్లకు వారసులు తేలారు కాబట్టి 20కి 15. మొత్తం 80. గరిష్ఠ బోనస్ రూ.2.40 కోట్లలో 80 శాతం అంటే రూ.1.92 కోట్లు.

మినిట్స్‌లో ఈ లెక్క క్లుప్తంగా ఉండాలి. ముఖ్యంగా 30కి 15 ఎందుకు వేశారో ఒక వాక్యంలో కారణం రాయాలి. లాభం అంకె ఆడిట్ అయిన ఖాతాల నుంచి వస్తుంది, దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. సగం మార్కులు వేయడం మాత్రం కమిటీ విచక్షణ. విచక్షణ వాడిన చోట కారణం లేకపోతే, అయిదేళ్ల తరువాత చదివేవారికి అది మొహమాటంగానో కక్షగానో కనిపిస్తుంది.

తేడా ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి ఒక మంచి దారి ఉంది. గత ఏప్రిల్ మినిట్స్‌నూ ఈ మే మినిట్స్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి దాంట్లో ఎఫ్‌డీఏ తనిఖీకి 30 మార్కులుండి, రెండో దాంట్లో అది కాస్తా 10 అయి, లాభానికి 70 పడ్డాయంటే బాణం వేశాక దాని చుట్టూ గురి గీశారన్నమాట. కొలబద్ద మధ్యలో మార్చాల్సిన అవసరం నిజంగానే రావచ్చు, ఒక ప్లాంట్‌ను అమ్మేసిన సందర్భంలో లాగా. అప్పుడు ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో మినిట్స్‌లో విడిగా రాయాలి.

‘ఆమోదించింది’ అనకూడని చోట

ఇక తీర్మానం. ఎండీ వేతనం విషయంలో కమిటీ చేసేది సిఫార్సు. ఆమోదించేది బోర్డు. నియామకానికీ వేతన షరతులకూ ఆపైన వాటాదారుల ఆమోదం కావాలి. కమిటీ మినిట్స్‌లో ‘కమిటీ ఆమోదించింది’ అని రాసి, బోర్డు మినిట్స్‌లో ‘కమిటీ మినిట్స్‌ను బోర్డు గమనించింది’ అని రాస్తే, ఆమోదించాల్సిన బోర్డు అసలు ఆమోదించనే లేదని తేలుతుంది. ఆడిటర్ మొదట వేలు పెట్టేది ఇలాంటి చోటే. డైరెక్టర్లకు ఇచ్చిన వేతనం చట్టప్రకారం ఉందో లేదో ఆడిటర్ తన నివేదికలో చెప్పి తీరాలి మరి.

మినిట్స్ సాధారణంగా ఇంగ్లిషులోనే రాస్తారు. మన ఉదాహరణకు తీర్మానం తెలుగులో అయితే ఇలా ఉంటుంది:

‘ఎండీకి ఈ ఆర్థిక సంవత్సరానికి రూ.1.92 కోట్ల పనితీరు బోనస్ ఇవ్వాలని కమిటీ బోర్డుకు సిఫార్సు చేస్తోంది. ఈ మొత్తం ఏజీఎంలో వాటాదారులు ఆమోదించిన రూ.2.40 కోట్ల గరిష్ఠ పరిమితికి లోబడి ఉంది. ఆడిట్ అయిన ఖాతాలను బోర్డు ఆమోదించిన తరువాతే చెల్లించాలి.’

ఎవరికి, ఏ ఏడాదికి, ఎంత, ఏ పరిమితికి లోబడి, ఎప్పుడు చెల్లించాలి అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. చర్చ భాగాన్ని భూతకాలంలోనూ తీర్మానాన్ని వర్తమానకాలంలోనూ రాయాలన్నది కంపెనీ సెక్రటరీల సంస్థ రూపొందించిన సెక్రటేరియల్ స్టాండర్డ్ నియమం.

పరిమితుల లెక్క కూడా ఒక్క వరుసలో రాస్తే మంచిది. ఒకే ఎండీ ఉన్న కంపెనీలో ఆయన వేతనం చట్టప్రకారం లెక్కగట్టిన నికర లాభంలో 5 శాతం దాటితే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. ప్రమోటర్ కూడా అయితే సెబీ ఇంకో గీత గీసింది. రూ.5 కోట్లు లేదా నికర లాభంలో 2.5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటినా ప్రత్యేక తీర్మానమే. మన కంపెనీ నికర లాభం రూ.300 కోట్లనుకుంటే ఆ గీత రూ.7.50 కోట్ల దగ్గర ఉంటుంది. ఎండీకి మొత్తం ముట్టేది రూ.5.52 కోట్లు కాబట్టి ఇబ్బంది లేదు. ఆమోదం లేకుండా పరిమితి దాటి తీసుకుంటే ఆ అదనపు సొమ్మును తిరిగి కంపెనీకి కట్టాలి.

ముందు మాట ఇచ్చి తరువాత కమిటీ దగ్గరికి వస్తే ఏమవుతుందో ఇన్ఫోసిస్ ఉదంతం చెబుతుంది. 2015లో సంస్థను వీడిన సీఎఫ్‌ఓ రాజీవ్ బన్సల్‌కు 24 నెలల వేతనం, అంటే రూ.17.38 కోట్లు ఇస్తామని ఒప్పందం కుదిరింది. వ్యవస్థాపకుల నుంచి విమర్శలు వచ్చాయి. రూ.5 కోట్ల చిల్లర చెల్లించాక కంపెనీ ఆపేసింది. మిగతా రూ.12.17 కోట్లు వడ్డీతో కట్టాలని 2018లో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ చెప్పింది. ఈ ఒప్పందానికి రెమ్యునరేషన్ కమిటీ ముందస్తు ఆమోదం తీసుకోలేదన్న ఆరోపణపై సెబీ చేపట్టిన వ్యవహారాన్ని, తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా, సుమారు రూ.34 లక్షలు కట్టి ఇన్ఫోసిస్ 2019లో పరిష్కరించుకుంది.

గోప్యత ఎంతవరకు?

డైరెక్టర్ల జీతం ఎలాగూ వార్షిక నివేదికలో అచ్చవుతుంది. కాబట్టి దాచేది ఆ అంకెను కాదు. మిగతా సీనియర్ల విడివిడి జీతాలు, పోటీ కంపెనీలతో కన్సల్టెంట్ ఇచ్చిన పోలికలు, చర్చలో ఎవరు ఎవరి గురించి ఏమన్నారన్నవి, ఇవీ బయటికి పొక్కకూడనివి.

ఇందుకు వాడే పద్ధతి సులువైనదే. పదిహేను మంది అధికారుల జీతాల పట్టికను మినిట్స్ లోపల రాయరు. ‘గుర్తింపు కోసం ఛైర్మన్ పొట్టి సంతకం చేసిన అనుబంధం ప్రకారం’ అని రాసి, ఆ పట్టికను సీలు వేసిన కవరులో విడిగా భద్రపరుస్తారు. పొట్టి సంతకం లేని అనుబంధం పనికిరాదు, రేపు దాని స్థానంలో మరో కాగితం పెట్టినా పట్టుకోలేం.

ముసాయిదా విషయంలోనే ఎక్కువగా జారిపోతుంటారు. సమావేశం ముగిసిన 15 రోజుల్లోగా ముసాయిదాను సభ్యులకు పంపాలి, 7 రోజుల్లో వారు సవరణలు చెప్పాలి, 30 రోజుల్లోగా పుస్తకంలోకి ఎక్కించాలి. ఆహ్వానితులను కూడా కలుపుకొని మామూలు ఈమెయిల్ జాబితాకు పంపేస్తే, తన జీతం మీద జరిగిన చర్చ హెచ్‌ఆర్ అధిపతి ఫోన్‌లో తెరుచుకుంటుంది.

గోప్యతకు హద్దులూ ఉన్నాయి. కమిటీ మినిట్స్‌ను చూసే హక్కు డైరెక్టర్లందరికీ ఉంది. ఎండీ కూడా డైరెక్టరే. కాబట్టి ఆయన చదివితే ఇబ్బంది అనుకునే వ్యాఖ్యను మినిట్స్‌లో రాసి దాచాలనుకోవడం వృథా. ఆడిటర్లకూ చూసే అధికారం ఉంది. ఎవరేమన్నారో వరసపెట్టి రాయనక్కర్లేదు, పరువుకు భంగం కలిగించేవి, అంశానికి సంబంధం లేనివి వదిలేసే విచక్షణ చట్టమే ఛైర్మన్‌కు ఇచ్చింది. ఒకటి మాత్రం వదలకూడదు. ఎవరైనా సభ్యుడు తీర్మానాన్ని వ్యతిరేకిస్తే ఆయన పేరుతో సహా నమోదు కావాలి.

వాటాదారులకు ఈ పుస్తకం చూసే హక్కు లేదు, చూడగలిగేది సర్వసభ్య సమావేశాల మినిట్స్ మాత్రమే. అయినా ఎండీ వేతనం ఓటుకు వచ్చినప్పుడు ఏజీఎం నోటీసుతోపాటు వచ్చే వివరణ పత్రంలో కమిటీ వాడిన కొలబద్దలు, గరిష్ఠ మొత్తం కనిపించాలి. ‘కమిటీ సిఫార్సు మేరకు’ అని మాత్రమే ఉండి, దేన్ని బట్టి సిఫార్సు చేసిందో లేకపోతే ఆ ప్రశ్న ఏజీఎంలోనే అడగవచ్చు. 2021లో ఐషర్ మోటార్స్ ఎండీ సిద్ధార్థ లాల్ పునర్నియామకం, వేతనం మీద పెట్టిన ప్రత్యేక తీర్మానానికి కావలసిన 75 శాతం ఓట్లు రాలేదు. తరువాత కంపెనీ వేతనానికి పరిమితి సవరించి మళ్లీ వాటాదారుల ముందుకు వెళ్లాల్సి వచ్చింది.