కనిపించని ఓడ ఎంత దగ్గరగా వస్తుంది?

దట్టమైన పొగమంచులో ఎదురుగా వస్తున్న ఓడతో ఢీకొనే ప్రమాదం ఉందా లేదా అన్నది బ్రిడ్జి మీద వాచ్‌లో ఉన్న ఆఫీసర్ రెండు పరికరాల సాయంతో తేల్చుకుంటాడు. ఒకటి రాడార్, రెండోది ఏఐఎస్. ఇవాళ ఈ రెండింటి సమాచారమూ ఒకే తెర మీద కనిపిస్తుంది. అందువల్ల రెండూ ఒకే రకమైనవని అనిపించవచ్చు. నిజానికి వాటి పుట్టుకే వేరు. రాడార్ మన ఓడ యాంటెన్నా నుంచి రేడియో తరంగాన్ని పంపి, ఎదుటి వస్తువును తాకి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ఆ వస్తువు ఎంత దూరంలో, ఏ దిశలో ఉందో మాత్రమే దానికి తెలుసు. ఏఐఎస్‌లో కొలిచేది మనం కాదు. ఎదుటి ఓడే తన జీపీఎస్ చూపే స్థానాన్ని, వేగాన్ని, గైరో దిక్సూచి చూపే దిశను, తన పేరును వీహెచ్‌ఎఫ్ రేడియోలో ప్రసారం చేస్తుంది. నడుస్తున్న పెద్ద ఓడలు వేగాన్ని బట్టి 2 నుంచి 10 సెకన్లకు ఒకసారి ఇలా చెబుతుంటాయి. అంటే రాడార్ చూపేది మనం స్వయంగా కొలిచినది, ఏఐఎస్ చూపేది అవతలివాళ్లు చెప్పినది. మంచులో ప్రమాదాన్ని అంచనా వేయడమంటే ఈ రెండూ కలుస్తున్నాయో లేదో చూడడం, కలవకపోతే ఎందుకు కలవలేదో కనిపెట్టడం.

ఆఫీసర్ వెతికేది ముఖ్యంగా రెండు అంకెలు. రెండు ఓడలూ ఇప్పుడున్న దిశ, వేగం మార్చుకోకుండా వెళ్తే వాటి మధ్య మిగిలే అతి తక్కువ దూరాన్ని సీపీఏ అంటారు. ఆ క్షణం రావడానికి పట్టే సమయం టీసీపీఏ. ఆర్పా అనే రాడార్ కంప్యూటర్ వీటిని తనంతట తానే లెక్కగడుతుంది. కానీ ఆ లెక్క ఎంత సున్నితమైనదో తెలియకపోతే ఆ అంకెలను నమ్మడం ప్రమాదం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పసుపు సముద్రంలో వసంతం నుంచి వేసవి నడిమి దాకా మంచు తరచుగా కమ్ముతుంది. అక్కడ ఒక సరుకుల ఓడ వేగం తగ్గించుకుని 10 నాట్లతో నేరుగా ఉత్తరానికి వెళ్తోంది అనుకుందాం. కుడి ముందు వైపు 30 డిగ్రీల బేరింగ్‌లో, 12 మైళ్ల దూరాన రాడార్ మీద ఒక చుక్క కనిపించింది (సముద్రం మీద మైలంటే నాటికల్ మైలు, 1,852 మీటర్లు). 6 నిమిషాల తర్వాత అది 10 మైళ్ల దూరానికి వచ్చింది. బేరింగ్ మాత్రం 30 డిగ్రీలే. దూరం తగ్గుతూ బేరింగ్ మారకపోతే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే. ఈ లెక్కన మరో 30 నిమిషాల్లో రెండు ఓడలూ ఒకే చోటికి చేరతాయి.

ఇప్పుడు ఆ రెండో కొలత 30 కాకుండా 31 డిగ్రీలు వచ్చిందనుకుందాం. లెక్క పూర్తిగా మారిపోతుంది: సీపీఏ దాదాపు 1 మైలు అవుతుంది. రాడార్ బేరింగ్‌లో 1 డిగ్రీ వరకు తేడాను అంతర్జాతీయ ప్రమాణాలే అనుమతిస్తాయి. అంటే 6 నిమిషాల గమనింపుతో ‘మైలు దూరంలో తప్పుకుంటుంది’ అని తేలిన ఓడ నిజానికి సూటిగా మన మీదికే వస్తూ ఉండవచ్చు. అదే గమనింపును 12 నిమిషాల పాటు, దూరం 8 మైళ్లకు తగ్గేదాకా కొనసాగిస్తే, 1 డిగ్రీ పొరపాటు వల్ల సీపీఏలో వచ్చే తేడా అర మైలు లోపుకు పడిపోతుంది. ఆర్పా పదేపదే కొలిచి సగటు తీస్తుంది కాబట్టి దాని ఫలితం ఇంకొంత మెరుగ్గానే ఉంటుంది. అయినా ఒక గురి పట్టుకున్నాక ధోరణి చెప్పడానికి 1 నిమిషం, నమ్మదగిన లెక్క ఇవ్వడానికి 3 నిమిషాలు దానికి ప్రమాణాలు ఇచ్చిన గడువు. చాలీచాలని సమాచారంతో, ముఖ్యంగా చాలీచాలని రాడార్ సమాచారంతో, నిర్ణయానికి రావద్దని 1972 నాటి అంతర్జాతీయ ఢీకొనకుండా నివారణ నిబంధనల్లో 7వది చెప్పడానికి కారణం ఈ లెక్కే.

ఏఐఎస్ అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. ఎదుటి ఓడ చుక్కాని తిప్పిందనుకోండి, రాడార్ మీద దాని జాడ మారి ఆర్పా కొత్త లెక్క ఇచ్చేసరికి నిమిషాలు గడుస్తాయి. ఏఐఎస్‌లో మాత్రం దాని ముక్కు తిరుగుతున్న సంగతి కొన్ని సెకన్లలోనే తెలుస్తుంది. కొండచరియ వెనక నుంచి వస్తున్న ఓడను, వానజల్లు మరుగున పడిన ఓడను రాడార్ చూడలేకపోయినా ఏఐఎస్ తరచుగా పట్టుకుంటుంది. రెండు ఓడలు దగ్గరగా దాటుకున్నప్పుడు రాడార్ ఒకదాని గుర్తును పొరపాటున ఇంకోదానికి అంటించడం ఉంది. ఏఐఎస్‌లో ప్రతి ఓడకూ తన సంఖ్య ఉంటుంది కాబట్టి అక్కడ ఆ గందరగోళం రాదు.

కానీ ఏఐఎస్ చెప్పే వేగం నేల మీది వేగం, జీపీఎస్ కొలిచినది. ఢీకొనే ప్రమాదం చూసేటప్పుడు రాడార్‌కు సాధారణంగా ఇచ్చేది నీటిలో ఓడ వేగం, అంటే లాగ్ అనే పరికరం కొలిచినది. ప్రవాహం ఉన్నచోట ఈ రెండూ ఒకటి కావు. మన ఉదాహరణలో రెండు ఓడలూ తూర్పుకు 2 నాట్లతో పారే నీటిలో ఉన్నాయనుకుందాం. ఎదుటి ఓడ నీటిలో 234 డిగ్రీల దిశలో 12.4 నాట్లతో నడుస్తుంటే, దాని ఏఐఎస్ మాత్రం దాదాపు 228 డిగ్రీలు, 10.8 నాట్లు అని చెబుతుంది. రెండూ నిజమే. నీటి లెక్కను నీటి లెక్కతో, నేల లెక్కను నేల లెక్కతో పోలిస్తే సీపీఏ సున్నాయే వస్తుంది. మన వేగాన్ని నీటి లెక్కలోనూ ఎదుటి ఓడ వేగాన్ని నేల లెక్కలోనూ తీసుకుని కలిపితే మాత్రం 12 మైళ్ల దూరంలో చేసిన లెక్క సీపీఏ 1.1 మైలు అని చూపిస్తుంది. లేని భద్రత అలా పుట్టుకొస్తుంది. అందుకే తెర మీద వెక్టర్లు ఏ లెక్కలో ఉన్నాయో, లాగ్ సరిగా పనిచేస్తోందో లేదో చూడడం మంచులోకి వెళ్లే ముందే జరగాలి.

ఇక రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే పని. తెర మీద ఏఐఎస్ ఓడ ఒక చిన్న త్రికోణం, రాడార్ ప్రతిధ్వని ఒక మచ్చ. అంతా సవ్యంగా ఉంటే త్రికోణం మచ్చ మీదే కూర్చుంటుంది. అలా లేనప్పుడు ఎలా తప్పిందో చూస్తే తప్పు ఎవరిదో తెలుస్తుంది. ఒక్క ఓడ త్రికోణమే పక్కకు జరిగి మిగతావన్నీ సరిగా ఉంటే పొరపాటు చాలావరకు ఆ ఓడ పంపే సమాచారంలోనే ఉంటుంది. అన్ని త్రికోణాలూ ఒకే వైపుకు, ఒకే దూరం జరిగితే మన జీపీఎస్ స్థానాన్ని అనుమానించాలి. అన్నీ మన ఓడ చుట్టూ ఒకే కోణంలో తిరిగినట్టుండి, దూరపు ఓడలకు తేడా ఎక్కువగా కనిపిస్తే, లోపం మన గైరోలోనో రాడార్ యాంటెన్నా అమరికలోనో ఉంటుంది. కోణం 2 డిగ్రీలే అయినా 6 మైళ్ల దూరాన అది 0.2 మైలు, అంటే దాదాపు 390 మీటర్లు. అనుభవం ఉన్న ఆఫీసర్ ఈ తనిఖీని మంచు రాకముందే, కంటికి కనిపిస్తున్న ఓడల మీద చేసి పెట్టుకుంటాడు. ఆ అలవాటు విలువ మంచు కమ్మాకే తెలుస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. రాడార్ గురి, ఏఐఎస్ గురి ఒకే ఓడవని యంత్రం అనుకుంటే రెండింటినీ కలిపి ఒకే గుర్తుగా చూపుతుంది. అప్పుడు మామూలుగా పైన కనిపించేది ఏఐఎస్ అంకెలే. ఆఫీసర్ తాను రాడార్ కొలతను చూస్తున్నాననుకుంటూ అవతలివాళ్లు పంపిన మాటను చూస్తుంటాడు. కాబట్టి సీపీఏ తక్కువగా ఉన్న ప్రతి ఓడకూ రాడార్ సొంత లెక్కను విడిగా తెరిచి, రెండు అంకెలనూ పోల్చాలి.

జత కుదరనివీ ఉంటాయి. త్రికోణం లేని మచ్చ చిన్న పడవ కావచ్చు, ఏఐఎస్ ఆపుకున్న యుద్ధనౌక కావచ్చు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు, ఆ పైబడిన ఓడలకు, ప్రయాణికుల ఓడలకు ఏఐఎస్ తప్పనిసరి. చిన్న చేపల పడవల్లో చాలావాటికి ఆ నిర్బంధం లేదు. చెక్క పడవలు, మన తీరంలో తిరిగే ఫైబర్ పడవలు రాడార్‌కు కూడా బలమైన ప్రతిధ్వని ఇవ్వవు, అలల మచ్చల్లో కలిసిపోతాయి. ఆ మచ్చలను తుడవడానికి నియంత్రణను ఎక్కువ తిప్పితే పడవ కూడా తెర మీంచి తుడిచిపెట్టుకుపోతుంది. దీనికి తిరగేసిన పరిస్థితి మచ్చ లేని త్రికోణం. పసుపు సముద్రంలో, తూర్పు చైనా సముద్రంలో వలల గుర్తుగా తేలే బోయాలకు ఏఐఎస్ పరికరాలు కట్టడం మామూలు. తెర మీద అవి ఓడల్లా కనిపిస్తాయి. త్రికోణం లేదని మచ్చను కొట్టిపారేయకూడదు, మచ్చ లేదని త్రికోణాన్నీ కొట్టిపారేయకూడదు. ఏదో తేలేదాకా అక్కడ ఓడ ఉన్నట్టే నడుచుకోవాలి.

మళ్లీ ఉదాహరణకు వద్దాం. చుక్క 8 మైళ్లకు వచ్చింది, రాడార్ లెక్కా ఏఐఎస్ లెక్కా సీపీఏ సున్నా అంటున్నాయి. కంటికి కనిపించే ఓడల మధ్య అయితే ఒకటి దారి ఇవ్వాలి, రెండోది తన దారిన నిలకడగా సాగాలి. మంచులో ఒకదాన్నొకటి చూడలేనప్పుడు ఆ పద్ధతి వర్తించదు. 19వ నిబంధన ప్రకారం ఇద్దరూ సకాలంలో తప్పుకోవాలి. ముందు వైపున్న ఓడ కోసం, మనం దాటిపోతున్న ఓడ అయితే తప్ప, వీలైనంతవరకు ఎడమకు తిరగకూడదు. ఆఫీసర్ 10 డిగ్రీలు కుడికి తిరిగితే సీపీఏ 0.6 మైలే అవుతుంది, పైగా అవతలి రాడార్‌లో ఆ మార్పు తెలియదు కూడా. 40 డిగ్రీలు తిరిగితే 2.4 మైళ్లు వస్తుంది, ఎదుటి ఓడ ఎడమ వైపు నుంచి దాటిపోతుంది. తిరగబోయే కుడి వైపున, వెనక ఇంకేదైనా ఓడ ఉందా అని రాడార్‌లో ముందే చూసుకోవాలి.

చిన్న మార్పు ఎంత ప్రమాదమో 1956 జులై 25 రాత్రి అమెరికాలోని నాన్‌టకెట్ దీవి దగ్గర తెలిసింది. ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా మంచులో సుమారు 22 నాట్లతో వస్తూ, ఎదురొస్తున్న స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్‌ను రాడార్‌లో చూసింది, కానీ దాని కదలికను కాగితం మీద గుర్తించి లెక్క కట్టలేదు. దూరం పెంచుదామని 4 డిగ్రీలు ఎడమకు తిరిగింది. స్టాక్‌హోమ్ కుడికి తిరిగింది. ఢీకొన్న రెండు ఓడల్లో కలిపి 51 మంది చనిపోయారు. అప్పటికి ఏఐఎస్ లేదు, ఉన్న రాడార్‌నూ పూర్తిగా వాడుకోలేదు.

ఇప్పుడు ఏఐఎస్ ఓడ పేరు చెబుతుంది కాబట్టి వీహెచ్‌ఎఫ్‌లో పిలిచి మాట్లాడి సర్దుకుందామన్న ఆశ పుడుతుంది. బ్రిటన్ నౌకా అధికారులు దీనికి వ్యతిరేకంగా ప్రత్యేకంగా హెచ్చరించారు. మాటల్లో నిమిషాలు పోతాయి, నిబంధనలకు విరుద్ధమైన ఒప్పందాలు కుదురుతాయి.

తిరిగిన తర్వాత కూడా పని ముగియదు. ఎదుటి ఓడ అదే సమయంలో ఎడమకు తిరిగితే లెక్కంతా తారుమారవుతుంది, ఆ సంగతిని మొదట చెప్పేది ఏఐఎస్, నిర్ధారించేది రాడార్. రెండూ పొంతన లేకుండా ఉండి కారణం తోచకపోతే వేగం తగ్గించాలి, అవసరమైతే ఓడను ఆపాలి. ముందు వైపు నుంచి మంచు హారన్ వినిపిస్తే, ప్రమాదం లేదని తేలితే తప్ప, చుక్కాని మాట వినేంత కనీస వేగానికి దిగాలని 19వ నిబంధన ఆదేశిస్తుంది. ఎదుటి ఓడ పూర్తిగా దాటి వెనకబడేదాకా దాని దూరాన్నీ బేరింగ్‌నూ చూస్తూనే ఉండి, ఆ తర్వాతే పాత దిశకు తిరగాలి.